పనిస్థలంలో భద్రత: యజమాని విధులు, ప్రమాదకరమైన పనికి నిరాకరించే హక్కు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఈ మూడు విషయాలను వివరించగలుగుతారు: మూసి ఉన్న ట్యాంకులోకి మనిషిని దింపే ముందు యజమాని ఏమేం చేయాలి, ఆ పనులు జరగకుండా ఇచ్చిన ఆదేశానికి చట్టం దృష్టిలో విలువ ఎంత, ప్రాణాపాయాన్ని గుర్తించిన కార్మికుడు ఏ క్రమంలో నడుచుకోవాలి.

1. విషయ పరిచయం

ఒక ఊహాజనిత సంఘటనతో మొదలుపెడదాం. అది ఒక మందుల కర్మాగారం. వ్యర్థజలాలను శుద్ధి చేసే విభాగంలో నాలుగు మీటర్ల లోతున్న ట్యాంకు ఒకటి ఉంది. అడుగున బురద పేరుకుపోయి పంపు పట్టేసింది. వారం రోజులుగా ట్యాంకు మూత తెరవలేదు. ఉదయం షిఫ్టులో సూపర్‌వైజరు ఇద్దరు కాంట్రాక్టు కార్మికులను పిలిచి, దిగి బురద ఎత్తమన్నాడు. మూత తీయగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది. ఇద్దరిలో పెద్దవాడు వెనకాడాడు. "పది నిమిషాల పనయ్యా, ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగు. పోయినసారి దిగినవాళ్ళకు ఏమైంది?" అన్నాడు సూపర్‌వైజరు.

ఇక్కడ రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. దిగమని చెప్పే అధికారం సూపర్‌వైజరుకు ఉందా? దిగనని చెప్పే హక్కు కార్మికుడికి ఉందా? ఇవి వేర్వేరు ప్రశ్నలుగా కనిపించినా, మొదటిదానికి సమాధానం తెలిస్తే రెండోదానికి చాలావరకు సమాధానం దొరికినట్లే. ఈ భాగమంతా ఆ సంబంధాన్ని వివరిస్తుంది.

2. ట్యాంకులో ఉన్న ప్రమాదం ఏమిటి?

సేంద్రియ వ్యర్థాలున్న నీరు గాలి తగలకుండా నిలిచిపోతే అందులోని సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులను విడుదల చేస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువైనవి కాబట్టి అడుగున పేరుకుంటాయి. పైన నిలబడి తొంగి చూసిన మనిషికి ఏమీ కాకపోవచ్చు. అదే మనిషి నిచ్చెన మీద సగం దూరం దిగేసరికి స్పృహ తప్పవచ్చు.

హైడ్రోజన్ సల్ఫైడ్‌తో మరో చిక్కు ఉంది. గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం వాయువు ఉంటే దాన్ని ఒక పీపీఎం అంటారు. ఈ వాయువు ఒక పీపీఎం లోపున్నా ముక్కు పసిగడుతుంది. ఎనిమిది గంటల పనిలో సగటున 10 పీపీఎం మించకూడదని మన ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలు పరిమితి విధించింది. కానీ సుమారు 100 పీపీఎం స్థాయిలో కొద్ది నిమిషాలకే ముక్కు వాసన పట్టే శక్తిని కోల్పోతుంది. 700 పీపీఎం దాటితే మనిషి ఉన్నచోటే కుప్పకూలిపోతాడు. అంటే, "ఇప్పుడు వాసన రావడం లేదు, దిగవచ్చు" అనుకున్న క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైనది కావచ్చు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఏ వాయువునూ ఆపలేదు. దుమ్మును వడపోసే మాస్కు కూడా ఆపలేదు.

ఇటువంటి చోట్ల ఒకరు పడిపోతే రెండోవాడు కాపాడటానికి దిగి, అతడూ పడిపోతాడు. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్, మూసి ఉన్న ప్రదేశాల్లో చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని 1986లో ప్రచురించిన మార్గదర్శకంలో పేర్కొంది. కాబట్టి, పైన మరో మనిషి ఉంటే చాలదు. కింద ఉన్నవాణ్ణి తాను దిగకుండానే పైకి లాగే ఏర్పాటు అతడి చేతిలో ఉండాలి.

3. యజమాని విధులు

3.1 చట్టాల నేపథ్యం

ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ వాయువు వెలువడి వేల ప్రాణాలు తీసింది. అదే కర్మాగారంలో 1981 డిసెంబరులో ఫాస్జీన్ వాయువుకు ఒక కార్మికుడు బలయ్యాడు. ఆ తరువాత కార్మిక సంఘాలు భద్రతా లోపాలపై హెచ్చరించినా ఫలితం లేకపోయింది. ఆ హెచ్చరికలను వినక తప్పని స్థితిలో యాజమాన్యాన్ని నిలబెట్టే నిబంధన అప్పటి చట్టంలో లేదు. భోపాల్ అనంతరం 1987లో చేసిన సవరణ ఆ లోటును కొంత పూరించింది. యజమాని సాధారణ భద్రతా విధులను చెప్పే 7ఏ సెక్షన్, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసే కార్మికులకు హెచ్చరించే హక్కునిచ్చే 41హెచ్ సెక్షన్ అప్పుడు చేరినవే.

ప్రస్తుతం ఈ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి, 2020 వచ్చింది. ఇది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇకపై దీన్ని "భద్రతా స్మృతి" అని పిలుద్దాం.

3.2 సాధారణ విధులు

భద్రతా స్మృతి 6వ సెక్షన్ ప్రకారం, గాయానికి గాని వృత్తి వ్యాధికి గాని దారితీసే ప్రమాదాలు లేకుండా పనిస్థలాన్ని ఉంచవలసిన బాధ్యత యజమానిది. సురక్షితమైన పని పద్ధతులను ఏర్పరచడం, కార్మికులకు సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ అందించడం ఈ విధుల్లో భాగం. భద్రత కోసం అందించిన వాటికి కార్మికుడి నుంచి డబ్బు వసూలు చేయకూడదు. బెల్టుకో బూట్లకో కూలిలో కోత పెట్టడం ఈ నియమానికి విరుద్ధం.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. "జాగ్రత్తగా పనిచేయండి" అని గోడ మీద రాయించడంతో ఈ విధి తీరదు. చట్టం అడిగేది కార్మికుడు జాగ్రత్తగా ఉన్నాడా అని కాదు. జాగ్రత్తగా ఉండేందుకు వీలైన ఏర్పాటు యజమాని చేశాడా అని.

3.3 ట్యాంకులోకి దింపే ముందు

సాధారణ విధి ఒక ప్రత్యేక పనిలో ఏ రూపం తీసుకుంటుందో ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్ స్పష్టంగా చూపింది. ప్రమాదకర వాయువు ఉండే అవకాశమున్న ట్యాంకు, గొయ్యి, పైపు వంటి వాటిలోకి ఎవరినీ "దిగమని ఆదేశించకూడదు, దిగనివ్వకూడదు" అన్నది దాని సారం. దీనికి మినహాయింపు దొరకాలంటే ముందుగా, సాధ్యమైన చర్యలన్నీ తీసుకుని లోపలి వాయువును తొలగించాలి, కొత్తగా చేరకుండా ఆపాలి. ఆపైన రెండింటిలో ఒకటి తప్పనిసరి. మొదటిది: అర్హత గల వ్యక్తి స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదకర వాయువు లేదని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. రెండోది: దిగే మనిషి తగిన శ్వాస పరికరం ధరించి, నడుముకు బెల్టు కట్టుకుని, దాని తాడు రెండో కొసను బయట ఉన్న మనిషి పట్టుకుని ఉండాలి.

కర్మాగారాల్లో పాటించే ప్రవేశ అనుమతి పత్రం, అంటే పర్మిట్, ఈ ఆలోచనకు కాగితం రూపం. దాన్ని మన ట్యాంకుకు అన్వయించి చూద్దాం.

మొట్టమొదట అడగవలసిన ప్రశ్న: అసలు మనిషి దిగాలా? వాక్యూమ్ ట్యాంకరుతో బురదను పై నుంచే లాగవచ్చేమో, నీటి జెట్‌తో కదిలించవచ్చేమో చూడాలి. తప్పనిసరిగా దిగవలసి వస్తేనే తరువాతి మెట్లు. ట్యాంకులోకి నీరు వచ్చే పైపులను మూయాలి. వాల్వు తిప్పితే సరిపోదు, పైపు మధ్య ఇనుప పలక బిగించి అడ్డుకట్ట వేయాలి. పంపుకు కరెంటు తీసి తాళం వేయాలి. బ్లోయరుతో బయటి గాలిని అడుగు దాకా పంపాలి. ఆ తరువాత గ్యాస్ డిటెక్టరుతో పరీక్షించాలి.

పరీక్షకూ ఒక క్రమం ఉంది. ముందు ఆక్సిజన్, తరువాత మండే వాయువులు, చివరగా విషవాయువులు చూస్తారు. పైభాగంలో, మధ్యలో, అడుగున విడివిడిగా చూడాలి. ఉదాహరణకు మన ట్యాంకులో పైన ఆక్సిజన్ 20.8 శాతం, హైడ్రోజన్ సల్ఫైడ్ 4 పీపీఎం వచ్చాయనుకోండి. ఇంతటితో పరీక్ష ఆపితే ట్యాంకు సురక్షితమనే అనిపిస్తుంది. డిటెక్టరు గొట్టాన్ని అడుగుకు దించితే ఆక్సిజన్ 18.6 శాతం, హైడ్రోజన్ సల్ఫైడ్ 60 పీపీఎం చూపింది. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 20.9 శాతం ఉంటుంది, 19.5 శాతానికి తగ్గితే కొరతగా పరిగణిస్తారు. కాబట్టి అడుగున రెండు కొలతలూ ప్రవేశాన్ని నిషేధిస్తున్నాయి.

బ్లోయరును మరో గంట నడిపాక అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ 3 పీపీఎంకు తగ్గి, ఆక్సిజన్ మామూలు స్థాయికి వచ్చిందనుకుందాం. అయినా పని పూర్తిగా సురక్షితం కాలేదు. బురదలో చిక్కుకున్న వాయువు పార తగలగానే బయటికి వస్తుంది. పరీక్ష సమయంలో 3 ఉన్నది, పని మొదలైన ఐదు నిమిషాలకే 25 కావచ్చు. అందుకే కార్మికుడి ఒంటి మీద అలారం మోగే డిటెక్టరు, ఆగకుండా నడిచే బ్లోయరు, తాడు పట్టుకుని పైన నిలబడిన మనిషి, లాగడానికి ట్రైపాడ్ ఉండాలి. ఉదయం రాసిన పర్మిట్ మధ్యాహ్నం పనికి పనికిరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ట్యాంకు మూత దగ్గర మాత్రమే గ్యాస్ పరీక్ష చేసి పర్మిట్ ఇచ్చారు. ఇందులోని లోపాన్ని మూడు వాక్యాల్లో రాయండి.

4. నిరాకరించే హక్కుకు ఆధారం ఎక్కడ ఉంది?

"ప్రమాదకరమైన పనిని కార్మికుడు నిరాకరించవచ్చు" అన్న వాక్యం కొన్ని దేశాల చట్టాల్లో నేరుగా కనిపిస్తుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్ర చట్టం అలాంటిది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడిక 13వ అధికరణం కూడా ఈ రక్షణను చెబుతుంది. తన ప్రాణానికి గాని ఆరోగ్యానికి గాని తక్షణ, తీవ్ర ప్రమాదం ఉందని నమ్మడానికి సహేతుక కారణం ఉండి పని నుంచి తప్పుకున్న కార్మికుడు అనుచిత పరిణామాలకు గురికాకూడదని దాని భావం. 2022లో ఆ సంస్థ ఈ ఒడంబడికను మౌలిక ఒడంబడికల జాబితాలో చేర్చింది.

మన భద్రతా స్మృతిలో "నిరాకరించవచ్చు" అన్న మాట నేరుగా లేదు. అయితే హక్కు లేదని అనుకోకూడదు. రెండు ఆధారాలను కలిపి చదివితే దాని రూపం తెలుస్తుంది.

4.1 చట్టవిరుద్ధమైన ఆదేశం

కార్మికుడు పై అధికారి మాట వినకపోతే దుష్ప్రవర్తన కింద చర్య తీసుకుంటారని మీకు తెలుసు. అయితే ఆ నియమంలోని పదాలను జాగ్రత్తగా చదవాలి. 1946 నాటి కేంద్ర నియమాల్లోని మాదిరి స్టాండింగ్ ఆర్డర్లు, పై అధికారి ఇచ్చిన "చట్టబద్ధమైన, సహేతుకమైన" ఆదేశాన్ని ఉద్దేశపూర్వకంగా ధిక్కరించడాన్నే దుష్ప్రవర్తనగా పేర్కొన్నాయి. చట్టబద్ధం కాని ఆదేశాన్ని పాటించకపోవడం ఈ నిర్వచనంలోకి రాదు.

ఇప్పుడు మన ట్యాంకు దగ్గరికి తిరిగి వద్దాం. గ్యాస్ పరీక్ష లేదు, ధ్రువపత్రం లేదు, శ్వాస పరికరం లేదు, తాడు లేదు. ఆ స్థితిలో మనిషిని దింపకూడదన్న నిషేధం సూపర్‌వైజరుకే వర్తిస్తుంది. ఇవ్వకూడని ఆదేశాన్ని ఇచ్చినవాడు, అది వినలేదని కార్మికుణ్ణి తప్పుపట్టలేడు. పోయినసారి దిగినవారికి ఏమీ కాలేదన్న మాట కూడా దీనికి జవాబు కాదు. పోయినసారి దింపడమూ ఉల్లంఘనే, అయితే ఆ రోజు అదృష్టం కలిసొచ్చింది.

4.2 హెచ్చరించే హక్కు

రెండో ఆధారం భద్రతా స్మృతి 14వ సెక్షన్. పాత 41హెచ్ సెక్షన్ ప్రమాదకర ప్రక్రియలున్న కర్మాగారాలకే పరిమితం కాగా, ఈ సెక్షన్ స్మృతి వర్తించే సంస్థలన్నిటిలోని ఉద్యోగులకు వర్తిస్తుంది. మరణం, తీవ్ర గాయం లేదా ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం సంభవించే అవకాశం ఉందని సహేతుకమైన భయం కలిగినప్పుడు ఉద్యోగి ఆ విషయాన్ని యజమానికి నేరుగా గాని, భద్రతా కమిటీ సభ్యుడి ద్వారా గాని తెలియజేయవచ్చు. అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్‌కు కూడా తెలియజేయవచ్చు.

ఆ తరువాత బంతి యజమాని చేతిలో ఉంటుంది. ప్రమాదం నిజమేనని అనిపిస్తే వెంటనే సరిచేసి ఇన్‌స్పెక్టరుకు నివేదిక పంపాలి. ప్రమాదం లేదని అనిపించినా ఊరుకోవడానికి వీల్లేదు. విషయాన్ని వెంటనే ఇన్‌స్పెక్టరుకు నివేదించాలి. ప్రమాదం ఉందా లేదా అన్న దానిపై ఇన్‌స్పెక్టరు నిర్ణయమే అంతిమం. ఈ ఏర్పాటులోని ముఖ్యాంశం ఇదే. వివాదం వచ్చినప్పుడు తీర్పు చెప్పే అధికారాన్ని చట్టం యజమాని చేతిలో పెట్టలేదు.

"సహేతుకమైన భయం" అంటే ప్రమాదం ఉందని కార్మికుడు ప్రయోగశాలలో నిరూపించాలని కాదు. అదే అనుభవమున్న మరో కార్మికుడు ఆ చోట నిలబడితే అతడికీ అదే భయం కలుగుతుందా అన్నది చూడాలి. వారం రోజులు మూసిన ట్యాంకు, కుళ్ళిన గుడ్ల వాసన, కనిపించని డిటెక్టరు: ఈ మూడూ చాలు. దీనికి భిన్నంగా, పరీక్ష జరిగి, పర్మిట్ చేతికిచ్చి, పరికరాలన్నీ అమర్చిన తరువాత కేవలం వాసన నచ్చక దిగనంటే ఆ భయం సహేతుకమని చెప్పడం కష్టం.

5. కార్మికుడు నడుచుకోవలసిన క్రమం

మన ఉదాహరణలోని కార్మికుడు "నేను దిగను" అని చెప్పి ఇంటికి వెళ్ళిపోతే ఏమవుతుంది? ఆ రోజు గైర్హాజరు అయ్యాడనే నమోదు మిగులుతుంది. ప్రమాదం నమోదు కాదు. అంతకంటే ముఖ్యం, ట్యాంకులోకి మరొకరిని దింపుతారు. కాబట్టి అతడు చెప్పే తీరు, చేసే క్రమం ముఖ్యం.

అతడు ఇలా అనవచ్చు: "సార్, పని చేయనని కాదు. గ్యాస్ చెక్ చేయించి, పర్మిట్ ఇచ్చి, తాడు బెల్టు ఇప్పించండి, దిగుతాను. అందాకా పైన ఏ పని చెప్పినా చేస్తాను." ఈ నాలుగు మాటల్లో చట్టానికి కావలసినవన్నీ ఉన్నాయి. నిరాకరించింది ఆ ఒక్క పనిని మాత్రమే. కారణం చెప్పాడు. ఏం చేస్తే దిగుతాడో చెప్పాడు. వేరే పనికి సిద్ధంగా ఉన్నాడు.

తరువాత ఆ మాటను రాతలో పెట్టాలి. పెద్ద దరఖాస్తు అవసరం లేదు. తేదీ, సమయం, ట్యాంకు పేరు, లేని ఏర్పాట్లు, ఎవరికి చెప్పాడన్నది తెల్లకాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే అదే విషయాన్ని ఫోన్‌లో సందేశంగా పంపవచ్చు. భద్రతా కమిటీ ఉంటే అందులోని కార్మిక ప్రతినిధికి, ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టరుకు కూడా తెలియజేయాలి. పక్కనున్న రెండో కార్మికుడికి, ఆ తరువాత షిఫ్టులో వచ్చేవారికి కారణం చెప్పడం మరచిపోకూడదు. అసురక్షిత పరిస్థితిని యజమానికి తెలపడం స్మృతి 13వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి విధి కూడా. అందుచేత హెచ్చరించిన కార్మికుడు తన హక్కును వాడుకుంటూనే తన విధినీ నిర్వర్తిస్తున్నాడు.

6. ఈ హక్కుకు ఉన్న పరిమితులు

మొదటి పరిమితి, ప్రతీకార చర్యకు సంబంధించినది. హెచ్చరించినందుకు కార్మికుణ్ణి తొలగించకూడదన్న వాక్యం 14వ సెక్షన్‌లో విడిగా లేదు. తొలగిస్తే అతడు పారిశ్రామిక సంబంధాల స్మృతిని ఆశ్రయించాలి. కక్షసాధింపుగా తొలగించడం ఆ స్మృతి ప్రకారం అనుచిత కార్మిక పద్ధతి. అయితే తొలగింపు కక్షతోనే జరిగిందని చూపవలసి వస్తుంది. ఆ రోజు రాసిన కాగితం, పంపిన సందేశం అప్పుడు సాక్ష్యాలవుతాయి.

రెండో పరిమితి, సామూహిక నిరాకరణకు సంబంధించినది. విభాగమంతా కలిసి అన్ని పనులూ ఆపితే యాజమాన్యం దాన్ని సమ్మెగా చిత్రించవచ్చు. సమ్మెకు ముందస్తు నోటీసు కావాలి; నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి. ప్రాణాపాయం పద్నాలుగు రోజులు ఆగదు. అందుకే నిరాకరణ ఆ ఒక్క ట్యాంకుకు, ఆ ఏర్పాట్లు జరిగేంతవరకే అని స్పష్టం చేయాలి.

మూడోది, కాంట్రాక్టు కార్మికుల స్థితి. "వాళ్ళు మా మనుషులు కారు, కాంట్రాక్టరును అడగండి" అన్న మాట తరచు వినిపిస్తుంది. ట్యాంకు కర్మాగారానిది. అందులో ఏ వాయువు ఉంటుందో తెలిసింది, డిటెక్టరు ఉన్నది, పర్మిట్ ఇవ్వవలసింది కర్మాగారమే. కాంట్రాక్టు కాగితం ఆ బాధ్యతను తుడిచివేయదు. అయినా రేపటి కూలి కాంట్రాక్టరు చేతిలో ఉన్న మనిషికి నోరు విప్పడం శాశ్వత ఉద్యోగి కంటే కష్టం. ఆచరణలో ఈ హక్కు అన్నిటికంటే బలహీనంగా ఉండేది అక్కడే.

విధి ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే భద్రతా స్మృతి ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. జరిమానాలో కనీసం సగం మృతుడి వారసులకు ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. అయితే ఈ శిక్ష మరణం తరువాత వచ్చేది. హెచ్చరించే హక్కు మరణానికి ముందు పనిచేసేది.

7. సారాంశం

ట్యాంకులోకి మనిషిని దింపే ముందు వాయువును తొలగించడం, పరీక్షించడం, రాతపూర్వకంగా ధ్రువీకరించడం, పైకి లాగే ఏర్పాటు చేయడం యజమాని విధులు. ఇవి జరగనప్పుడు దిగమనే ఆదేశం చట్టబద్ధం కాదు కాబట్టి, దాన్ని పాటించకపోవడం దుష్ప్రవర్తన కాదు. కార్మికుడు ఆ ఒక్క పనినే నిరాకరించి, కారణాన్ని రాతలో పెట్టి, యజమానికి, ఇన్‌స్పెక్టరుకు ఒకేసారి తెలియజేయాలి. యజమాని సరిచేయాలి లేదా ఇన్‌స్పెక్టరు నిర్ణయానికి వదలాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
మన ఉదాహరణలో సూపర్‌వైజరు, నిరాకరించిన కార్మికుణ్ణి పక్కన పెట్టి, విషయం తెలియని కొత్త కుర్రవాణ్ణి దిగమన్నాడు.
(అ) సూపర్‌వైజరు ఉల్లంఘించిన విధులేవి?
(ఆ) మొదటి కార్మికుడు ఆ క్షణంలో ఏం చేయాలి?
(ఇ) ఇన్‌స్పెక్టరుకు పంపవలసిన సమాచారాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.

సూచన: (ఆ)కు సమాధానం రాసేటప్పుడు, కుర్రవాడు లోపల పడిపోతే మొదటి కార్మికుడు దిగకూడదన్న విషయాన్ని, దానికి 2వ విభాగంలో చెప్పిన కారణాన్ని గుర్తుంచుకోండి.